నెలల లెక్క అడిగే కాగితం

పటాన్‌చెరులో ఆటో విడిభాగాలు తయారుచేసే కంపెనీలో క్వాలిటీ ఇంజనీరుగా పనిచేస్తున్న ఒక కుర్రాణ్ణి ఊహించుకుందాం. వయసు ముప్ఫై ఒకటి. బీటెక్ మెకానికల్, డెబ్బై శాతం. జర్మనీలోని స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల ఇలాంటి పనికి మనుషులు కావాలని తెలిసి ఓ నలభై కంపెనీలకు రెజ్యూమే పంపాడు. మూడు నాలుగు చోట్ల నుంచి మర్యాదగా ‘వద్దు’ అని వచ్చింది, మిగతా వాళ్ళు ఉలకలేదు పలకలేదు. కుర్రాడికి పని వచ్చు, అందులో అనుమానం లేదు. చిక్కంతా అతను పంపిన కాగితంలో ఉంది.

ఆ కాగితం ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు. సీనియర్ దగ్గర తీసుకున్న వర్డ్ ఫైల్‌లో పేరు మార్చి తయారుచేసిందే. పైన ‘కెరీర్ ఆబ్జెక్టివ్’ అని మూడు లైన్లు. సవాళ్ళతో కూడిన వాతావరణంలో నా నైపుణ్యాలను సంస్థ అభివృద్ధికి వినియోగిస్తాను అనే ధోరణిలో. కింద టెన్త్, ఇంటర్, బీటెక్ శాతాలతో ఒక పట్టిక. తర్వాత ఉద్యోగాలు, ఒక్కోదానికి నాలుగేసి బాధ్యతలు. ‘స్ట్రెంగ్త్స్’ కింద కష్టపడే తత్వం, త్వరగా నేర్చుకునే గుణం. హాబీలు క్రికెట్, పాటలు వినడం. తండ్రి పేరు, పుట్టిన తేదీ, పెళ్ళి అయిందా లేదా, శాశ్వత చిరునామా. చివర్న ‘పైన తెలిపిన వివరాలన్నీ నాకు తెలిసినంతవరకు నిజమని ప్రకటిస్తున్నాను’ అని డిక్లరేషన్.

ఈ రూపం ఊరికే రాలేదు. మన దగ్గర చదువు ముగించిన వాడు మొదట చూసేది క్యాంపస్ సెలక్షన్లు. అక్కడ చాలా కంపెనీలు టెన్త్ నుంచి బీటెక్ దాకా అన్నింట్లో అరవై శాతం ఉండాలని గీత గీస్తాయి, కాబట్టి శాతాల పట్టిక ముందుకొస్తుంది. తండ్రి పేరు, డిక్లరేషన్ సర్కారీ దరఖాస్తు ఫారం నుంచి దిగి వచ్చాయి. అంటే ఇక్కడి రెజ్యూమే ఒక వడపోతకు తగ్గట్టు తయారైంది. వడపోత మారినప్పుడు కాగితం కూడా మారాలి. వ్యాకరణం సరిదిద్దడం, రంగు మార్చడం, ‘ఇంటర్నేషనల్ టెంప్లేట్’ అని డబ్బులిచ్చి కొనడం వీటివల్ల ఆ మార్పు రాదు.

జర్మనీలో ఉద్యోగ దరఖాస్తు అంటే ఒక కట్ట. అందులో ఒక పేజీ ఉత్తరం, ‘లేబెన్స్‌లౌఫ్’ అని పిలిచే సీవీ, దాని వెనక ధ్రువపత్రాలు ఉంటాయి. సీవీలో రాసిన ప్రతి ముఖ్యమైన లైనుకూ వెనక ఒక కాగితం ఉంటుందని చదివేవాళ్ళు అనుకుంటారు. మన దగ్గర సర్టిఫికెట్లు చూపించేది ఇంటర్వ్యూ అయ్యాక, చేరే రోజున. అక్కడ చాలాచోట్ల మొదటి మెయిల్‌తోనే పోతాయి. అందుకే అక్కడి సీవీ చప్పగా, ఒక విషయసూచిక చదువుతున్నట్టు ఉంటుంది. ఎడమవైపు సన్నటి వరుసలో తేదీలు, కుడివైపు ఆ కాలంలో ఏం చేశారన్నది. తాజా ఉద్యోగం పైన, పాతవి కింద. ఏ4 కాగితం మీద రెండు పేజీలు. విశేషణాలకు అందులో చోటు ఉండదు.

ఈ ఎడమవైపు వరుసే మనవాళ్ళని ఎక్కువగా పడగొడుతుంది. మన రెజ్యూమేల్లో ఉద్యోగ కాలం ‘2017–2020’, ‘2021 నుంచి ఇప్పటివరకు’ అని సంవత్సరాల్లో ఉంటుంది. జర్మనీలో నెల కూడా రాయాలి: 03/2017 – 06/2020 అని. ఏళ్ళు మాత్రమే రాసిన సీవీ చూడగానే అలవాటైన కన్ను ‘ఇక్కడ ఏదో కప్పిపుచ్చుతున్నారు’ అనుకుంటుంది. రెండు మూడు నెలలకు మించిన ఖాళీ కనిపిస్తే అప్పుడు ఏం చేశారని అడుగుతారు. ఖాళీ ఉండటం పెద్ద తప్పు కాదు. ఆ ఖాళీ గురించి మాట్లాడకుండా వదిలేయడమే అనుమానానికి తావిస్తుంది.

మన కుర్రాడి కాలాన్ని నెలల లెక్కన పరిస్తే ఏం బయటపడుతుందో చూడండి. బీటెక్ 06/2015లో అయింది. మొదటి ఉద్యోగం, బాలానగర్‌లో ఒక చిన్న మెషినింగ్ యూనిట్‌లో, 03/2017లో మొదలైంది. మధ్యలో ఇరవై నెలలు అతను గేట్‌కీ, గ్రూప్స్‌కీ చదివాడు. తెలుగు రాష్ట్రాల్లో లక్షల మంది ఇలాంటి నెలలు గడిపారు, కాబట్టి ఇక్కడి హెచ్‌ఆర్‌కు విడమరచనక్కర్లేదు. లాక్‌డౌన్‌లో ఆ యూనిట్ మూతపడి 06/2020లో ఉద్యోగం పోయింది. 03/2021లో ఇప్పటి కంపెనీలో చేరేదాకా మరో ఎనిమిది నెలలు. ఆ కాలంలో మేనమామ హార్డ్‌వేర్ దుకాణంలో లెక్కలు చూశాడు, ఆన్‌లైన్‌లో ఒక క్వాలిటీ కోర్సు చేశాడు.

పాత రెజ్యూమేలో ఈ రెండు ఖాళీలూ కనిపించవు. ‘2015లో బీటెక్’, ‘2017–2020’, ‘2021 నుంచి’ అని వరుసగా పేర్చేసరికి చూపు జారిపోతుంది. ఒక కన్సల్టెన్సీ అతనికి ఇంకో దారి చూపించింది. మొదటి ఉద్యోగాన్ని 2015 జులై నుంచి చూపిద్దాం, లెటర్ మేమే ఏర్పాటు చేస్తాం అంది. మన మధ్య ఈ వ్యాపారం ఎంత మామూలైపోయిందో చెప్పుకోవడానికి సిగ్గుపడాలి. కట్టగా కాగితాలు అడిగే దేశానికి ఇది మరీ ప్రమాదం. పీఎఫ్ ఖాతా మొదలైన నెల, జీతం స్లిప్పులు, లింక్డిన్ ప్రొఫైల్, లెటర్‌హెడ్ మీది ఫోన్ నంబరు వీటిలో ఏ ఒక్కటి కలవకపోయినా దరఖాస్తు అక్కడితో ఆగిపోతుంది. ఉద్యోగం వచ్చి, అదే దొంగ లెటర్ వీసా ఫైల్లోకి కూడా వెళ్తే, వీసా అధికారులకు తప్పుడు పత్రం ఇచ్చిన వాడవుతాడు. అది ఉద్యోగం పోవడంతో తీరే గొడవ కాదు.

నిజం రాస్తే రెండు లైన్ల పని. ‘07/2015 – 02/2017: జాతీయ, రాష్ట్ర స్థాయి ఇంజనీరింగ్, ప్రభుత్వ సర్వీసు పరీక్షలకు పూర్తికాల తయారీ.’ ‘07/2020 – 02/2021: మహమ్మారి వల్ల సంస్థ మూత, కుటుంబ వ్యాపారంలో స్టాకు, లెక్కల నిర్వహణ, స్టాటిస్టికల్ క్వాలిటీ కంట్రోల్ ఆన్‌లైన్ కోర్సు.’ పరీక్షలో ఫలితం రాలేదని విడిగా రాయనక్కర్లేదు, తర్వాతి లైనే చెబుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళ అనారోగ్యం వల్ల ఆగిపోయిన వాళ్ళు ‘కుటుంబ సభ్యుని సంరక్షణ’ అని రాస్తే చాలు. పిల్లల కోసం ఉద్యోగం మానేసిన తల్లులు కూడా అంతే, అక్కడ అది మామూలు ఎంట్రీ. ఎవరి జబ్బు, ఏ జబ్బు అన్న వివరం ఎవరూ అడగకూడదు, మనం ఇవ్వకూడదు.

ఇక కుడివైపు. పాత రెజ్యూమేలో ఇప్పటి ఉద్యోగం కింద ఇలా ఉంది: క్వాలిటీ విభాగానికి బాధ్యుడు. రోజువారీ ఇన్‌స్పెక్షన్. ఐఎస్ఓ డాక్యుమెంటేషన్. ప్రొడక్షన్ టీమ్‌తో సమన్వయం. ఈ నాలుగు లైన్లు దేశంలోని ఏ క్వాలిటీ ఇంజనీరుకైనా సరిపోతాయి. చదివేవాడికి మనిషి కనిపించడు, పోస్టు కనిపిస్తుంది. స్టుట్‌గార్ట్‌లో కూర్చున్న క్వాలిటీ మేనేజరుకు కావాల్సింది వేరు. ఏ భాగం తయారవుతుంది, ఏటా ఎన్ని, ఎంత సన్నటి కొలతతో, ఏ మెషిన్ మీద కొలుస్తారు, ఫిర్యాదు వస్తే ఈ మనిషి స్వయంగా ఏం చేస్తాడు అన్నవి తెలియాలి.

కుర్రాణ్ణి కూర్చోబెట్టి అడిగితే ఇవన్నీ బయటికొస్తాయి. తయారయ్యేవి ట్రాక్టర్ గేర్‌బాక్స్ షాఫ్టులు, ఏటా సుమారు ఎనభై వేలు. కొలత సీఎంఎం మెషిన్ మీద, టోలరెన్స్ 0.02 మిల్లీమీటర్లు. కస్టమర్ నుంచి ఫిర్యాదు వస్తే 8డీ రిపోర్టు రాసేది ఇతనే, ఏడాదికి ఓ పదిహేను. 2022లో ఒక షాఫ్టు మీద తిరస్కరణలు 3.2 శాతం ఉండేవి. ఫిక్స్చర్‌లో లొకేటింగ్ పిన్ను అరిగిపోతోందని కనిపెట్టి, పిన్ను మార్చే వ్యవధిని నిర్ణయించాక అవి 1.4 శాతానికి దిగాయి. ఇన్నేళ్ళు చేసిన అసలు పని ఇది. రెజ్యూమేలో ఒక్క ముక్క కూడా లేదు! మనం ఇలాంటివి ఎందుకు రాయం? సొంత డబ్బా కొట్టుకున్నట్టు ఉంటుందని కొంత, పై అధికారి పేరు మీద జరిగిన పనిని మనదని ఎలా అంటామని కొంత. ‘టీమ్‌లో నా వంతు ఇది’ అని రాస్తే ఆ రెండు మొహమాటాలూ తీరతాయి.

అంకెలు రాసేటప్పుడు రెండు జాగ్రత్తలు కావాలి. మొదటిది, ఫోన్లో అడిగితే వివరించగలిగిన అంకె మాత్రమే రాయాలి. 3.2 శాతం అన్నది ఎన్ని షాఫ్టుల మీద, ఎన్ని నెలల సగటు అని అవతలి మేనేజరు తప్పకుండా అడుగుతాడు, అతను చేసే పని కూడా అదే కాబట్టి. తడుముకుంటే ఆ లైను లేకపోయినా బాగుండేది అనిపిస్తుంది. రెండోది అంకెల రూపం. లక్ష, కోటి అక్కడ అర్థం కావు. అంతకంటే తిరకాసు కామాది, చుక్కది. జర్మన్‌లో దశాంశానికి కామా పెడతారు, వేలకు చుక్క పెడతారు. మన 80,000 అక్కడ 80.000 అవుతుంది, మన 0.02 అక్కడ 0,02 అవుతుంది. సీవీ ఇంగ్లీషులో అయితే ఇంగ్లీషు పద్ధతి, జర్మన్‌లో అయితే జర్మన్ పద్ధతి. ఒకే కాగితంలో రెండూ కలిపితే కొలతల మీద బతికే క్వాలిటీ ఇంజనీరుకు అంతకన్నా నామర్దా లేదు.

చదువు దగ్గరికి వద్దాం. మన కుర్రాడు డెబ్బై శాతాన్ని బోల్డ్ అక్షరాల్లో పెట్టాడు. ఇక్కడ అది డిస్టింక్షన్. జర్మనీలో మార్కులు తలకిందులు: 1 అన్నింటికన్నా మంచిది, 4 అంటే పాస్, 5 అంటే ఫెయిల్. విదేశీ మార్కుల్ని అక్కడి విశ్వవిద్యాలయాలు మార్చుకోవడానికి ‘సవరించిన బవేరియన్ సూత్రం’ అని ఒకటి వాడతాయి. గరిష్ఠ మార్కులోంచి మీ మార్కు తీసేసి, గరిష్ఠంలోంచి పాస్ మార్కు తీసేసిన అంకెతో భాగించి, మూడుతో గుణించి, ఒకటి కలపాలి.

1 + 3 × (100 − 70) ÷ (100 − 40) = 2.5

పాస్ మార్కు నలభై అనుకుంటే మన డిస్టింక్షన్ అక్కడ 2.5. ‘బాగుంది’ అనే తరగతి కింది అంచు అన్నమాట. ఉద్యోగ సీవీలో ఈ లెక్క మీరే చేసి పెట్టక్కర్లేదు. ‘70% (గరిష్ఠం 100, పాస్ 40)’ అని అసలు మార్కును దాని కొలబద్దతో సహా రాయడమే మంచిదని నా అభిప్రాయం. సీజీపీఏ ఉన్నవాళ్ళు ఉత్త 7.5 అని రాసి వదిలేస్తే అక్కడి వాళ్ళు తల గోక్కుంటారు, 10కి 7.5 అని రాయాలి. టెన్త్ శాతం అక్కర్లేదు. ఇంటర్ ఒక లైను చాలు, అది పన్నెండేళ్ళ బడి చదువు పూర్తయిందని చెప్పేలా. నాలుగేళ్ళ పైబడి పనిచేస్తున్న మనిషికి చదువు రెండో పేజీలోకి వెళ్ళినా నష్టం లేదు.

కానీ విశ్వవిద్యాలయం పేరు మాత్రం సరిగ్గా పడాలి. మనం కాలేజీ పేరు పెద్దగా, యూనివర్సిటీ పేరు బ్రాకెట్లో రాస్తాం. జర్మన్ కంపెనీ గానీ, తర్వాత వీసా అధికారి గానీ మన డిగ్రీ చెల్లుతుందో లేదో చూసేది anabin అనే అధికారిక డేటాబేస్‌లో. అందులో వెతికేది డిగ్రీ ఇచ్చిన విశ్వవిద్యాలయం పేరుతో. అఫిలియేటెడ్ కాలేజీ పేరుతో వెతికితే చాలాసార్లు ఏమీ దొరకదు. సంస్థ పక్కన H+ అని ఉంటే గుర్తింపు ఉన్నట్టు. సంస్థతోపాటు మీ డిగ్రీ రకం కూడా విడిగా చూసుకోవాలి. కాబట్టి జేఎన్‌టీయూ హైదరాబాద్ అని డేటాబేస్‌లో ఉన్న స్పెల్లింగుతోనే ముందు రాసి, కాలేజీ పేరు తర్వాత రాయాలి. నర్సుల దారి వేరు. అక్కడ నర్సింగ్ నియంత్రిత వృత్తి, అర్హతకు గుర్తింపు తెచ్చుకోవడమే ఒక ప్రత్యేక ప్రక్రియ. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ లాంటివి నర్సులకు జర్మన్ నేర్పించి పంపే ఏర్పాట్లు చేస్తున్నాయి గనుక, ఆ పని మీద ఉన్నవాళ్ళు సీవీని ఆ సంస్థ అడిగిన పద్ధతిలోనే ఇవ్వాలి.

కాగితాల కట్టలో మనకు అన్నింటికన్నా బలహీనమైనది పాత కంపెనీ ఇచ్చే లెటర్. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు మా దగ్గర పనిచేశారు, ప్రవర్తన సంతృప్తికరం, వారికి శుభాకాంక్షలు. మూడు లైన్లు, ఒక సీలు. జర్మనీలో ఉద్యోగం వదిలే ప్రతివాడికీ యజమాని దగ్గర పని ధ్రువపత్రం అడిగే హక్కు చట్టంలోనే ఉంది. అది పేజీ, పేజీన్నర ఉంటుంది. చేసిన పనులన్నీ వరుసగా రాసి, చివర పనితీరు మీద ఒక వాక్యం రాస్తారు. అది మనిషికి మేలుచేసేలా ఉండాలని కోర్టులు అనడంతో అక్కడి యజమానులు ఒక గూఢభాష తయారుచేసుకున్నారు. ‘ఎల్లవేళలా మాకు సంపూర్ణాతి సంపూర్ణమైన సంతృప్తి కలిగించారు’ అని ఉంటే మొదటి శ్రేణి. ‘ఎల్లవేళలా సంపూర్ణ సంతృప్తి’ అంటే రెండో శ్రేణి. ‘ఎల్లవేళలా’ అన్న మాట పోతే మూడు. ఉత్త ‘మాకు సంతృప్తి కలిగించారు’ అంటే నాలుగు, బొటాబొటి పాస్.

ఇప్పుడు మన లెటర్లోని ‘సంతృప్తికరం’ వాళ్ళ కంటికి ఎలా కనిపిస్తుందో ఆలోచించండి. మన దగ్గర అది మర్యాదకు రాసే మాట. విదేశాల్లోని లెటర్ల తీరు తెలిసిన హెచ్‌ఆర్ అయితే దాన్ని పట్టించుకోరు, తెలియని చిన్న కంపెనీ యజమాని అయితే కనుబొమలు ఎగరేస్తాడు. దీనికి విరుగుడు ఉద్యోగం వదలక ముందే వెతుక్కోవాలి. వదిలాక హెచ్‌ఆర్ ఫోన్ ఎత్తడు. రిజైన్ చేసిన నెలలోనే మీ మేనేజరుతో కూర్చుని, మీరు చేసిన పనులు పది పన్నెండు లైన్లలో మీరే చిత్తు రాసి ఇచ్చి, కంపెనీ లెటర్‌హెడ్ మీద సంతకం అడగండి. ‘సంతృప్తికరం’ బదులు ‘చాలా మంచి పనితీరు’ అని రాయమనండి. కొన్ని కంపెనీలు ఒకే మూస తప్ప ఇంకేదీ ఇవ్వవు. అప్పుడు మేనేజరు వ్యక్తిగతంగా ఇచ్చే రిఫరెన్స్ లెటర్ జతచేయాలి, ఆయన ఆఫీసు మెయిలు, ఫోను అందులో ఉండాలి. మన కుర్రాడికి బాలానగర్ యూనిట్ మూతపడింది కాబట్టి కొత్త లెటర్ ఎలాగూ రాదు. అపాయింట్‌మెంట్ లెటర్, ఆఖరి జీతం స్లిప్పు, పీఎఫ్ రికార్డు పెట్టి, సంస్థ మూసివేశారని సీవీలో రాస్తే సరిపోతుంది. ఇవన్నీ ఒకే పీడీఎఫ్‌గా, తాజావి ముందు వచ్చేలా, నాలుగైదు ఎంబీలు దాటకుండా కలిపి పంపాలి. ఫోన్‌తో వంకరగా తీసిన ఫోటోలు పన్నెండు అటాచ్‌మెంట్లుగా పంపితే ఎవరూ తెరవరు.

వ్యక్తిగత వివరాల విషయంలో ఒక్కో దేశానిది ఒక్కో దారి. జర్మనీలో సమాన ఆదరణ చట్టం 2006లో వచ్చింది. అప్పటినుంచి ఫోటో, పుట్టిన తేదీ, పెళ్ళి వివరం అడిగే హక్కు కంపెనీకి లేదు. అయినా పాత అలవాటు పూర్తిగా పోలేదు, ఫోటో పెట్టేవాళ్ళు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. పెడితే స్టూడియోలో తీయించుకున్న మంచి ఫోటో పెట్టండి, లేకపోతే మానేయండి. పాస్‌పోర్ట్ నంబరు, తండ్రి పేరు, మతం వద్దు. జాతీయత రాయడం మంచిది, వర్క్ వీసా కావాలన్నది దాన్నిబట్టే తెలుస్తుంది. చివర ఊరు, తేదీ వేసి సంతకం పెట్టే ఆచారం అక్కడ ఉంది. మన డిక్లరేషన్‌ను తలపిస్తుంది గానీ వాక్యం ఏమీ రాయరు.

ఇదే కుర్రాడు అమెరికాకు పంపాలంటే ఫోటో, వయసు, పెళ్ళి, జాతీయత అన్నీ తీసేయాలి. జాతి, రంగు, మతం, స్త్రీ పురుష భేదం, పుట్టిన దేశం చూసి ఉద్యోగం నిరాకరించకూడదని అక్కడ 1964 పౌరహక్కుల చట్టం చెబుతుంది. నలభై దాటిన వాళ్ళకి 1967 చట్టం రక్షణ ఇస్తుంది. ఫోటో ఉన్న రెజ్యూమే వస్తే రేపు ఎవరైనా కేసు వేస్తారేమోనని అక్కడి హెచ్‌ఆర్ భయం. పేజీ ఒక్కటే ఉండాలి, ధ్రువపత్రాలు వద్దు, ఖాళీ నెలలకు విడిగా లైన్లు వద్దు, ఆ పిన్ను కథ మాత్రం అన్నింటికన్నా పైకి రావాలి. గల్ఫ్‌కి పంపాలంటే మళ్ళీ అన్నీ తిరగబడతాయి. ఫోటో, జాతీయత, ఇప్పుడున్న వీసా రకం, డ్రైవింగ్ లైసెన్సు, ఎన్ని రోజుల్లో చేరగలరు అన్నవి మొదటి పేజీలోనే వెతుకుతారు.

ఏ దేశమైనా తెలుగువాళ్ళకి తప్పని తంటా ఒకటుంది: పేరు. మన ఇంటిపేరు ముందు వస్తుంది, అదీ తరచుగా ఒక పొడి అక్షరంగా. టెన్త్ మెమోలో ‘కె. వెంకట సాయి’, డిగ్రీలో ‘కొండా వెంకట సాయి’, పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీ. ఇలాంటి పాస్‌పోర్ట్‌తో అమెరికా వీసా తీసుకుంటే మొదటి పేరు ఉండాల్సిన చోట FNU అని పడుతుంది, పేరు తెలియదని దాని అర్థం. ఒక్క పేరు మాత్రమే ఉన్న పాస్‌పోర్ట్‌లతో వచ్చే సందర్శకులను యూఏఈ 2022 నవంబరులో ఆపేసింది. జర్మన్ కంపెనీ ఒప్పందం, వీసా, బ్యాంకు ఖాతా, ఆరోగ్య బీమా అన్నీ పాస్‌పోర్ట్ పేరు మీదే నడుస్తాయి. అందుకని సీవీ మీద పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉండాలి. సర్టిఫికెట్లలో వేరుగా ఉంటే కట్టలో ముందే ఒక చిన్న వివరణ పెట్టాలి. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే దరఖాస్తులు మొదలుపెట్టక ముందే దాన్ని సరిచేయించుకోవడం మేలు. ఆఫర్ వచ్చాక పరుగులు పెడితే చేరే తేదీ దాటిపోతుంది.

ఇక సీవీ ఏ భాషలో ఉండాలి? ప్రకటన జర్మన్‌లో ఉంటే జర్మన్, ఇంగ్లీషులో ఉంటే ఇంగ్లీషు. పెద్ద కంపెనీల ఆర్ అండ్ డీ విభాగాల్లో ఇంగ్లీషు నడుస్తుంది. మన కుర్రాడు చూస్తున్నవి మూడు నాలుగు వందల మంది పనిచేసే, కుటుంబాలు నడిపే కంపెనీలు. అక్కడ షాప్ ఫ్లోర్ మీద క్వాలిటీ ఇంజనీరు మాట్లాడాల్సింది మెషిన్ నడిపే మనిషితో, అదీ జర్మన్‌లో. అందుకే భాష లైను అతని సీవీలో ఉద్యోగాల తర్వాత అతి ముఖ్యమైనది. పాత రెజ్యూమేలో ‘తెలిసిన భాషలు: తెలుగు, ఇంగ్లీష్, హిందీ, జర్మన్ (బేసిక్)’ అని ఉంది. ‘బేసిక్’ అక్కడ ఏ కొలతకూ అందదు. యూరప్ అంతటా ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లు ఉన్నాయి. ఏ మెట్టు, ఏ సంస్థ పరీక్ష, ఏ నెలలో పాసయ్యారు అన్నది రాయాలి. ఇప్పుడు నేర్చుకుంటున్నదైతే ‘బీ1 తరగతులు జరుగుతున్నాయి, పరీక్ష ఫలానా నెలలో’ అని రాయొచ్చు.

ఈ లైనులో ఒక మెట్టు పెంచి రాసేవాళ్ళకు ఎదురయ్యేది చాలా చిన్న సంఘటన. సీవీని ఎవరిచేతో చక్కటి జర్మన్‌లో రాయించి పంపుతారు. కంపెనీకి నచ్చుతుంది. మెయిలుకు జవాబు రాదు, నేరుగా ఫోన్ వస్తుంది. అవతలి మనిషి నమస్కారం చెప్పి, ఎప్పటినుంచి చేరగలరని జర్మన్‌లోనే అడుగుతుంది. దీనికి సమాధానం సీవీలోనే ఉండాలి, నోటికి కూడా వచ్చి ఉండాలి: నోటీస్ పీరియడ్ మూడు నెలలు, ఆపైన వీసాకు పట్టే సమయం కలిపి ఫలానా నెల ఒకటో తారీఖు అని. మన కుర్రాడు కొత్త సీవీలో ఏ2 అనే రాశాడు, ఇంగ్లీషులోనే పంపాడు, జర్మన్‌లో ఈ ఒక్క వాక్యం మాత్రం తప్పుల్లేకుండా చెప్పడం నేర్చుకున్నాడు.